మూల్యాంకన విధానం: 6 నుంచి 10 తరగతులు

ఈ విధానం విద్యా సంవత్సరం మొదటి రోజు నుంచి అన్ని సబ్జెక్టులకూ, అన్ని సెక్షన్లకూ వర్తిస్తుంది. మార్కు విద్యార్థి ఏం నేర్చుకున్నాడో మాత్రమే చెప్పాలి. క్రమశిక్షణ, హాజరు, ఫీజు బకాయిలను మార్కులతో కలపకూడదు.

1. మార్కుల విభజన

ఒక్కో టర్మ్‌లో సబ్జెక్టుకు 100 మార్కులు. టర్మ్ పరీక్షకు 60, నిరంతర మూల్యాంకనానికి 40. ఈ 40లో రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, మౌఖికం లేదా ప్రయోగానికి 10, స్లిప్ టెస్టులకు 10. స్లిప్ టెస్టులు నాలుగు, ఒక్కోటీ 10 మార్కులకు. ఎక్కువ మార్కులు వచ్చిన మూడింటి సగటు తీసుకోవాలి.

ప్రాజెక్టు మార్కులతోనే చిక్కు ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లు చేసిన చార్టుకు 9, పిల్లవాడు సొంతంగా చేసినదానికి 6 పడుతుంటాయి. అందుకే 10లో 4 మార్కులు ప్రాజెక్టు మీద అడిగే మూడు నాలుగు ప్రశ్నల జవాబులకే కేటాయించాలి. మార్కులు వేసే ప్రమాణాలు పని ఇచ్చిన రోజే విద్యార్థులకు రాసివ్వాలి.

రాతపనికి మార్కులు నెలకొకసారి వేయాలి. టర్మ్ చివర ఒకేసారి వేస్తే జ్ఞాపకం మీద ఆధారపడినట్టే. అలాంటప్పుడు సెక్షన్‌లో అందరికీ 7, 8 మధ్యే వస్తాయి.

2. దిద్దుబాటు

జవాబు పత్రాలను ఒక్కో విద్యార్థివి మొత్తంగా కాక, ప్రశ్నల వారీగా దిద్దాలి: అందరి మొదటి ప్రశ్న అయ్యాకే రెండోది. మంచి దస్తూరీతో మొదలైన పేపరుకు చివరిదాకా ఉదారంగా మార్కులు పడే అలవాటు దీంతో తగ్గుతుంది. టర్మ్ పరీక్షలో ప్రతి సెక్షన్ నుంచి 6 పేపర్లు (పైస్థాయి, మధ్యస్థాయి, కిందిస్థాయి నుంచి రెండేసి) అదే సబ్జెక్టు చెప్పే మరో ఉపాధ్యాయుడు మొదటి మార్కులు చూడకుండా దిద్దాలి. ఏ పేపరులోనైనా 4 మార్కులకు మించి తేడా వస్తే ఇద్దరూ కూర్చుని తేడా వచ్చిన ప్రశ్నలను సెక్షన్ మొత్తానికీ మళ్లీ చూడాలి.

3. రికార్డులు

పరీక్ష జరిగిన 5 పనిదినాల్లో మార్కులు రిజిస్టరులో ఎక్కాలి. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె, పొట్టి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ వాడకూడదు, కింద ఏముందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

రానివారికి “గై” అని రాయాలి. సున్నా వేయకూడదు, గడి ఖాళీగానూ వదలకూడదు. సున్నా అంటే రాసి మార్కులు తెచ్చుకోలేదని అర్థం. ఖాళీ గడి అంటే ఎక్కించడం మరిచిపోయారేమో అన్న అనుమానం. కంప్యూటర్ షీటులో నాలుగు విభాగాలు C నుంచి F దాకా ఉంటే 40కి మొత్తం ఇలా వస్తుంది:

```
=SUM(C2:F2)/(COUNT(C2:F2)*10)*40
```

“గై” అక్షరాలు కాబట్టి COUNT దాన్ని లెక్కించదు. ఒక విద్యార్థికి 8, 7, 9, గై ఉంటే 30కి 24, అంటే 40కి 32. అక్కడ సున్నా కొట్టి ఉంటే 24 మాత్రమే వచ్చేది. జ్వరం వచ్చినందుకు 8 మార్కుల జరిమానా అన్నమాట!

షీటులో ఎక్కించిన ప్రతి సెక్షన్‌నూ ఒకరు రిజిస్టరు చదువుతుంటే మరొకరు చూసి సరిపోల్చాలి. జవాబు పత్రాలు తర్వాతి టర్మ్ ముగిసేదాకా, రిజిస్టర్లు 5 ఏళ్లు భద్రపరచాలి. మార్కులు తరగతిలో పైకి చదవకూడదు.

4. గైర్హాజరైన విద్యార్థులు

అనారోగ్యం, కుటుంబంలో మరణం, పాఠశాల తరఫున పోటీలకు వెళ్లడం ఆమోదించిన కారణాలు. తల్లిదండ్రుల చీటీ చాలు. 3 రోజులు దాటిన అనారోగ్యానికే వైద్యుడి ధ్రువపత్రం అడగాలి.

ఇలాంటి విద్యార్థికి బడికి తిరిగొచ్చిన 10 పనిదినాల్లో ప్రత్యామ్నాయ పరీక్ష పెట్టాలి, మొదటి రెండు రోజుల్లో మాత్రం వద్దు. ప్రశ్నలు వేరు, పాఠాల వాటా, కఠినత అవే. పాత పేపరే ఇస్తే స్నేహితుల నుంచి ప్రశ్నలు ముందే తెలిసిపోతాయి. కొత్త పేపరు మరీ కఠినంగా ఉంటే అదీ శిక్షే. కాబట్టి రెండు పేపర్లూ ఒకేసారి తయారు చేసి పెట్టుకోవాలి.

ఒక్క స్లిప్ టెస్టు తప్పినా, మిగిలిన మూడూ ఉన్నాయి కదా అని వదిలేయకూడదు. మిగతావారికి తక్కువ మార్కు ఒకటి తీసేసుకునే వెసులుబాటు ఉంది, ఇతనికి లేకుండా పోతుంది. అడిగితే తప్పక పెట్టాలి.

రికార్డుల భాగంలో ఇచ్చిన కంప్యూటర్ షీటు సూత్రం కనీసం మూడు విభాగాల మార్కులు ఉన్నప్పుడే వాడాలి. అంతకన్నా తక్కువైతే, లేదా టర్మ్ పరీక్షే రాయలేకపోతే, అంచనా మార్కులు వేయకుండా ఫలితాన్ని నిలిపి, రాయగలిగినప్పుడు పరీక్ష పెట్టాలి.

కారణం చెప్పకుండా రానివారికీ ఒక అవకాశం ఉంటుంది. ఇంటికి సమాచారం పంపి తేదీ చెప్పాలి. అప్పుడూ రాకపోతే ప్రధానోపాధ్యాయుడి సంతకంతోనే సున్నా ఎక్కుతుంది.

5. అభ్యంతరాలు

ఫలితాలు ఇచ్చిన 7 పనిదినాల్లో విద్యార్థి గాని తల్లిదండ్రులు గాని రాతపూర్వకంగా అడగవచ్చు, రుసుము లేదు. మొదట దిద్దని ఉపాధ్యాయుడు పేపరు చూసి 5 పనిదినాల్లో జవాబివ్వాలి. పునఃపరిశీలనలో మార్కులు పెరగవచ్చు గాని తగ్గించకూడదు.