ఇంటి పని జీతం బాకీ: లీగల్ ఎయిడ్ క్లినిక్ సిమ్యులేషన్, గుంటూరు

(రమణమ్మ పాత్ర క్లాస్‌మేట్ వేస్తోంది. ఆమె రోల్ కార్డులో అడ్వాన్సు సంగతి ఉంది, కానీ అడిగితేనే చెప్పాలి. సార్ పక్కనే కూర్చుని అవసరమైతే ఆపుతారు.)

విద్యార్థిని: రండమ్మా, కూర్చోండి. నేనింకా చదువుకుంటున్నాను, లాయర్ని కాను. సార్ చూసి సరే అన్నాకే మీకు ఏ కాగితమైనా ఇస్తాను. మీరు చెప్పేది బయటికి పోదు. ఏమైందో చెప్పండి.

రమణమ్మ: ఏం చెప్పేదమ్మా, లక్ష్మీపురంలో అపార్ట్‌మెంటు, రెండేళ్ల నుంచి చేస్తున్నా, అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడం అన్నీ నేనే. సంక్రాంతి అయినప్పటి నుంచి ఆ ఇంటావిడ జీతం ఇదిగో ఇస్తా అదిగో ఇస్తా అంటూనే ఉంది. మొన్న గట్టిగా అడిగితే రేపటి నుంచి రావద్దంది.

విద్యార్థిని: 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం మీకు...

సార్: ఆగు. ఆవిడకి రావాల్సింది ఎంతో తెలుసా నీకు? ముందు అది కనుక్కో.

విద్యార్థిని: సరే సార్. అమ్మా, నెలకి ఎంత? ఏ నెలలవి రాలేదు?

రమణమ్మ: నాలుగు వేల ఐదొందలు. జనవరి, ఫిబ్రవరి, మార్చి.

విద్యార్థిని: అంటే 13,500. మీరు ముందుగా ఏమన్నా తీసుకున్నారా? తీసుకున్నా ఫర్వాలేదు, ఆ లెక్క వాళ్లు చెప్పకముందే మనం చెబితే మన మాటకి బలం ఉంటుంది.

రమణమ్మ: (కాసేపు ఊరుకుని) దసరాకి ఐదు వేలు, పాప ఫీజుకి. రెండు నెలలు వెయ్యి వెయ్యి కోసింది.

విద్యార్థిని: ఇంకా మూడు వేలుంది. నాగాలు?

రమణమ్మ: నెలకి రెండు పెట్టుకోవచ్చంది. ఫిబ్రవరిలో మా అమ్మని పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు నాలుగు పడ్డాయి. పాల కాలెండరు మీద నేనే టిక్కులు పెట్టుకున్నా.

విద్యార్థిని: ఆ కాలెండర్ పారేయకండి. రెండు రోజులు ఎక్కువ, రోజుకి 150 చొప్పున 300. 13,500లోంచి 3,300 తీస్తే 10,200. అడగాల్సింది అది. పని చేశారనడానికి రుజువు ఏముంది?

రమణమ్మ: కాగితం ఎక్కడిదమ్మా. ముందు జీతాలు మా పాప ఫోన్‌పేలో పడేవి. ఒకసారి వాయిస్ మెసేజ్ పెట్టింది, ఈ నెల కాస్త సర్దుకో రమణమ్మా అని. వాచ్‌మన్ రోజూ చూస్తాడు.

విద్యార్థిని: ఇంకేం కావాలి! కాగితం లేకపోయినా ఆ మెసేజ్, ఫోన్‌పే చరిత్ర చాలా పనికొస్తాయి.

రమణమ్మ: కానీ కేసంటే భయమమ్మా. అదే బిల్డింగులో ఇంకో రెండిళ్లు చేస్తున్నా. గట్టిగా మాట్లాడితే గొలుసు పోయిందని స్టేషన్లో పెడతానంది.

(విద్యార్థిని సార్ వైపు చూస్తుంది. సార్ తల ఊపి ఊరుకుంటారు.)

విద్యార్థిని: ఆ మాట ఎవరి ముందు అందో, ఏ రోజో ఇప్పుడే రాసుకుందాం. జీతం అడగడం నేరం కాదు. పోలీసులు నిజంగా వచ్చినా, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప ఆడవాళ్లని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. ఎవరేమన్నా తెల్లకాగితం మీద మాత్రం సంతకం, వేలిముద్ర పెట్టొద్దు, వెంటనే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి.

రమణమ్మ: నాకు ఖర్చెంత అవుతుంది?

విద్యార్థిని: ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు, ఇందాక చెప్పబోయింది అదే. ముందు ఒక ఉత్తరం పంపుదాం, పదిహేను రోజుల్లో ఇవ్వమని. ఇవ్వకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, అక్కడ అర్జీ పెడితే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. అక్కడ కుదిరితే కోర్టు తీర్పుతో సమానం, అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కూడా ఉండదు. ఆమె రాకపోయినా, ఒప్పుకోకపోయినా బలవంతం చేయలేరు, అప్పుడు సివిల్ కోర్టే దారి. జీతం రావాల్సిన రోజు నుంచి మూడేళ్ల వరకు దావా వేయొచ్చు కాబట్టి కంగారేం లేదు.

సార్: ఉత్తరం ఎలా పంపాలో ఆవిడనే అడుగు. అదే బిల్డింగులో ఆవిడ ఇంకో రెండిళ్లు చేస్తోంది.

రమణమ్మ: పోలీసు మాట రాయొద్దమ్మా. మర్యాదగానే రాయి, ఆమె పేరు మీదే పంపు, వాచ్‌మన్ చేతికి వద్దు.

విద్యార్థిని: స్పీడ్ పోస్టులో పంపి రసీదు మీ దగ్గరే ఉంచుతాం. చదువుతా, వినండి: “జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతం 13,500లో అడ్వాన్సు బాకీ 3,000, నాగాల 300 పోను నాకు 10,200 రావాలి. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఇవ్వగలరు.”

రమణమ్మ: అదేనమ్మా, అంతే రాయి.

సార్: ఆ వాయిస్ మెసేజ్ ఇంకో ఫోన్‌కి కూడా పంపి పెట్టుకోమను, ఈ రోజే. కనీస వేతనం ఎంతుండాలో లేబర్ ఆఫీసులో నువ్వు కనుక్కుని రా, 4,500 అసలే తక్కువేమో చూడాలి.