ఎ3 గుమాస్తా కేసు: ఛార్జిషీటుపై నోట్

సార్,

మిర్చి కొట్టు గుమాస్తా కేసులో కాపీలు నవంబరు 3న ఇచ్చారు. మొత్తం 41 పేజీలు, రెండుసార్లు చదివాను. డిశ్చార్జి పిటిషన్ వేయాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 262 కింద కాపీలు అందిన రోజు నుంచి 60 రోజులే గడువు. అంటే జనవరి 2 లోపు వేయాలి.

ముద్దాయిలు ముగ్గురు. ఎ1 గుంటూరు యార్డులో కమీషన్ ఏజెంటు. ఎ2 సరుకు కొన్న వ్యాపారి. ఎ3 మనవాడు, ఎ1 కొట్లో నెలకు 12 వేల జీతానికి పట్టీలు రాసే గుమాస్తా. 2024 మార్చి, ఏప్రిల్‌లో ఆరుగురు రైతులు 540 టిక్కీల తేజా తెచ్చి ఎ1 కొట్లో దించారు. ధర పెరిగాక అమ్ముదామని ఎ1 వాటిని కోల్డ్ స్టోరేజీలో పెట్టించాడు. మే 22న ఎ2 ఆ సరుకు ఎత్తుకెళ్లాడు, రైతులకు రూపాయి రాలేదు. వాళ్లు గట్టిగా అడిగితే జులై 12న, సరుకు ఇంకా స్టోరేజీలోనే ఉందన్నట్టు రసీదు చూపించారు. ఎఫ్‌ఐఆర్ ఆగస్టు 19న కట్టారు.

సెక్షన్లు ముగ్గురి మీదా ఒకే మూటగా పెట్టారు: బీఎన్‌ఎస్ 316(5), 318(4), 336(3), 340(2), 3(5)తో కలిపి. బీఎన్‌ఎస్ వచ్చిందే 2024 జులై 1న. సరుకు దించడం, ఎత్తుకెళ్లడం అంతకుముందే అయిపోయాయి కాబట్టి వాటికి ఐపీసీ 409, 420, 34 పెట్టాలి. జులై 12 నాటి రసీదుకు మాత్రమే బీఎన్‌ఎస్ వర్తిస్తుంది. పైగా ఒకే లావాదేవీకి నమ్మకద్రోహం, మోసం రెండూ కలిపి పెట్టకూడదని ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. అమ్మకం వేరు, అప్పగింత వేరు అని కూడా అందులోనే ఉంది. అది ఎ2కి బాగా పనికొస్తుంది. కమీషన్ ఏజెంటుకు సరుకు అప్పగించారు కాబట్టి ఎ1కి అంత తేలిక కాదు.

చదవగానే నాకూ ఉత్సాహం వచ్చింది గానీ, ఈ తప్పుతో మనకు ఒరిగేది తక్కువ. సెక్షన్ తప్పయితే కోర్టు దిద్దుకోగలదు. పైగా మనవాడి మీద ఉన్నదే ఆ రసీదు, దానికి బీఎన్‌ఎస్సే సరైనది. కాబట్టి మన కేసంతా రసీదు, ముద్ర, ఒప్పుకోలు, ఈ మూడింటి మీదే ఉంది.

సాక్షులు 13 మంది. ఎల్‌డబ్ల్యూ 1 నుంచి 6 వరకు రైతులు, 7 స్టోరేజీ మేనేజరు, 8 యార్డు సూపర్‌వైజరు, 9 బ్యాంకు మేనేజరు. 10, 11 మధ్యవర్తులు, ఇద్దరూ వీఆర్వోలే. 12 ఎఫ్‌ఐఆర్ కట్టిన ఎస్సై, 13 దర్యాప్తు అధికారి. రైతుల్లో మనవాడి మాట ఎత్తింది ఇద్దరే. ‘గుమాస్తా రసీదు చేతికిచ్చాడు’ అని 1 అంటాడు, ‘కొట్లో ఎవరో కుర్రాడు’ అని 4 అంటాడు. రాసింది ఎవరో ఎవరూ చూడలేదు. 2, 3 వాంగ్మూలాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే, ‘స్టోరేజీ’ని ఇద్దరి దగ్గరా ‘స్టొరేజి’ అనే రాశారు. మేనేజరు చెప్పింది అసలైన సాక్ష్యం: రసీదు నమూనా తమదే, ముద్ర తమది కాదు, ఆ నంబరు పుస్తకం తాము వేయించలేదు. ఎవరు చేయించారో ఆయనా చెప్పలేదు.

నష్టం 47,75,000 అన్నారు. ఆరుగురి మొత్తాలు కూడితే 42,15,000 వచ్చింది. తేడా 5,60,000. సరిగ్గా ఎల్‌డబ్ల్యూ 5 మొత్తం, రెండుసార్లు ఎక్కినట్టుంది.

ఆధారాలుగా తక్‌పట్టీలు, కాటా చీటీలు, మే 22 గేట్ పాస్, ఎ1 బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, రసీదు, రబ్బరు ముద్ర చూపించారు. స్క్రీన్‌షాట్లకు బీఎస్‌ఏ 63 సర్టిఫికెట్ లేదు. చేతిరాత ఎఫ్‌ఎస్‌ఎల్‌కు పంపామని ఒక్క వాక్యం ఉంది, రిపోర్టు లేదు, సాక్షుల్లో నిపుణుడూ లేడు.

23వ పేజీ చూడండి సార్. ముద్ర కొట్లో గల్లాపెట్టె కింది సొరుగులో దొరికిందని, ఎ3 ఒప్పుకోలుతోనే దొరికిందని మధ్యవర్తుల నామా. టైము ఉదయం 11 గంటలు. అరెస్టు మెమోలో సాయంత్రం 4.30. ఒప్పుకోలు వాంగ్మూలం మీద 5.15. చెప్పకముందే దొరికిన వస్తువుకు ‘చెప్పడం వల్ల దొరికింది’ అనే మినహాయింపు ఎలా వర్తిస్తుంది? పొద్దున్నుంచీ కస్టడీలోనే ఉన్నాడని ఏపీపీ గారు అనొచ్చు. అలా అంటే అరెస్టు టైము తప్పని ఒప్పుకున్నట్టే, వాంగ్మూలం టైముకు వేరే జవాబు వెతుక్కోవాలి. ఆ సొరుగు తాళం ఎవరి దగ్గర ఉండేదో ఎక్కడా రాయలేదు. తాళాలు షావుకారు నడుముకే ఉంటాయని మనవాడు అంటున్నాడు.

రసీదు జిరాక్సే ఇచ్చారు, ఒరిజినల్ కోర్టులో జమ అయిందో లేదో రేపు పొద్దున్నే ప్రాపర్టీ రిజిస్టరులో చూస్తాను. సోదా వీడియో కాపీకి కూడా మెమో రాసి పెట్టాను, మీరు ఒకసారి చూస్తే ఫైల్ చేస్తాను. అబ్బాయి వాళ్ల నాన్న శనివారం ఆఫీసుకు వస్తామన్నారు. కొట్లో రాసిన పాత పట్టీలు ఇంట్లో ఉంటే తెమ్మన్నాను, చేతిరాత పోల్చి చూసుకుందాం.