జూన్ 1 నుంచి మన బండ్లకు సింథటిక్ ఆయిల్

విజయవాడ
2025 మే 26

డ్రైవర్ సోదరులందరికీ,

జూన్ 1 నుంచి మన తొమ్మిది బండ్లలో ఏడింటికి ఇంజిన్ ఆయిల్ మారుస్తున్నాం. మామూలు మినరల్ ఆయిల్ బదులు 5W-30 ఫుల్ సింథటిక్. ఇప్పుడు 5,000 కిలోమీటర్లకు మారుస్తున్నది ఇకపై 10,000కు మారుస్తాం. మొన్న షెడ్డులో ఈ మాట అనగానే మీలో ఇద్దరు ముగ్గురు "ఆ ఖర్చు మా కమీషన్‌లో కోస్తారా?" అని అడిగారు. ముందు దానికే జవాబు చెబుతాను. ఒక్క రూపాయి కూడా కోయను. వారానికి 100 రూపాయల మెయింటెనెన్స్ కటింగ్ అలాగే ఉంటుంది, పెరగదు.

లెక్క ఇదీ. ఇప్పుడు ఒకసారి మార్చడానికి ఆయిల్ 1,350, ఫిల్టర్ 150, కూలి 250, మొత్తం 1,750 అవుతోంది. సింథటిక్ డబ్బా 2,850 పడుతుంది కాబట్టి 3,250 అవుతుంది. బండి నెలకు 5,000 తిరుగుతుందనుకుంటే ఏడాదికి పాత పద్ధతిలో 12 సార్లు, 21,000. కొత్త పద్ధతిలో 6 సార్లు, 19,500. బండికి మిగిలేది 1,500, అంతే. పైగా మొదటిసారి 7,000కే మార్చేస్తాం. పాత మడ్డి కొత్త ఆయిల్‌లోకి కరిగి వస్తుంది కదా, దాన్ని ఎక్కువ రోజులు లోపల ఉంచకూడదు. అందుకని తొలి ఏడాది ఆ 1,500 కూడా నాకు మిగలదు.

అయినా ఎందుకు మారుస్తున్నానంటే, మీ రోజుల కోసం. ఆయిల్ మార్చిన ప్రతిసారీ మీకు సగం రోజు పోతోంది. మెకానిక్ దగ్గర క్యూ ఉంటే మధ్యాహ్నం దాకా అక్కడే. ఏడాదికి ఆరు సగం రోజులు మిగిలితే అవి మీ ట్రిప్పులు, మీ సంపాదన.

రెండో కారణం ఇంజిన్. పోయిన ఏడాది 4127 బండి టాపెట్ కవర్ తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. లోపల అంతా నల్లటి మడ్డి, స్క్రూడ్రైవర్‌తో గీకితే తారులా అంటుకుంది. ఎండాకాలం గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర ఏసీ వేసుకుని గంటలు గంటలు ఆగుతాం. మీటరు తిరగదు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ వేడికి మినరల్ ఆయిల్ త్వరగా పాడవుతుంది. సింథటిక్ వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. ఆ ఇంజిన్ పనికి 48,000 అయింది, బండి పదకొండు రోజులు షెడ్డులో ఉంది. ఆ పదకొండు రోజులు బాషా గారు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఆ బాధ నాకింకా పోలేదు.

రెండు పాత బండ్లకు మాత్రం మార్చడం లేదు. రెండున్నర లక్షలు దాటాయి, సీళ్ల దగ్గర కారుతున్నాయి, ఆయిల్ కూడా తాగుతున్నాయి. వాటిలో ఖరీదైన ఆయిల్ పోస్తే నేల పాలే. అవి 5,000కే మారతాయి. ఆ బండ్ల సగం రోజులకు 400 చొప్పున నేనిస్తాను.

10,000 అన్నానని మధ్యలో బానెట్ ఎత్తక్కర్లేదు అనుకోవద్దు. వారానికి రెండుసార్లు, పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న చోట డిప్‌స్టిక్ చూడండి. లెవెల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. రంగు చూసి నిర్ణయించకండి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా రెండు మూడు రోజులకే నల్లబడుతుంది, సీఎన్‌జీ బండిలో పాతదీ తేటగానే కనిపిస్తుంది. తగ్గితే అదే ఆయిల్ పోయండి. ప్రతి బండి డిక్కీలో అర లీటరు సీసా పెట్టిస్తున్నాను. దారిలో ఎక్కడో లూజు ఆయిల్ కొని పోయకండి. సీసా అయిపోతే షోరూమ్ సీలు ఉన్నదే కొని బిల్లు తీసుకురండి, అదే రోజు డబ్బులిస్తాను.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందంటే మాత్రం వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. "ప్యాసింజర్‌ను దింపి చూద్దాం" అనుకోవద్దు. వేరే బండి పంపుతాను, ఆ ట్రిప్పు కమీషన్ మీకు పూర్తిగా ఇస్తాను. బండి ఆపినందుకు ఎవరినీ ఒక్క మాట అనను.

జూన్ 1 ఆదివారం పొద్దున 7 గంటలకు మొదటి రెండు బండ్లు, ఆ తర్వాత రోజుకొకటి చొప్పున షెడ్డుకు తీసుకురండి. ఎవరి వంతు ఎప్పుడో తాళాల బోర్డు దగ్గర రాసి పెట్టాను. మార్చిన కిలోమీటర్ల స్టిక్కర్ స్టీరింగ్ పక్కన అతికిస్తారు, దాన్ని పీకకండి. ఈ లెక్కలో ఎక్కడైనా తప్పనిపిస్తే రాత్రి 9 తర్వాత ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం.

మీ
శ్రీనివాసరావు