సంతకం చోట నాయనమ్మ వేలిముద్ర

మా కోరుట్ల దిక్కు బడుల్లో ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం చోట నాయనమ్మ వేలిముద్ర ఉంటే ఎవరూ వింతగా చూడరు. బాపు దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటాడు. బీఈడీ కోసం వరంగల్‌లో ఉన్నప్పుడు ఈ పిల్లల మీద వచ్చిన పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను, ఇప్పుడు క్లాసులో వాళ్లే నా ఎదురుగా కూర్చుంటున్నారు.

అన్నిటికన్నా పెద్దది 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష. 111 అధ్యయనాలు, రెండున్నర లక్షలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వలస పోయిన పిల్లల్లో కుంగుబాటు ముప్పు 52 శాతం, ఆందోళన ముప్పు 85 శాతం ఎక్కువని తేలింది. భయం వేసే అంకెలే. కానీ అందులో 91 అధ్యయనాలు చైనావి, అదీ పల్లె నుంచి పట్నానికి పోయిన వాళ్లవి, దేశం దాటినవాళ్లవి కావు. పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టి ఎడారిలో పనిచేసే మనిషి ఇంటికి ఆ లెక్క ఉన్నదున్నట్టు అతికించలేం.

మనకు కొంచెం దగ్గరగా ఉండేవి ఆగ్నేయాసియా అధ్యయనాలు. తండ్రి విదేశం పోయిన పిల్లల మనసు ఇండోనేషియా, థాయ్‌లాండ్‌లలో ఎక్కువ దెబ్బతింది, ఫిలిప్పీన్స్, వియత్నాంలలో ఆ తేడా కనబడలేదు. అంటే దూరం ఒక్కటే కారణం కాదు, ఇంట్లో ఎవరు మిగిలారు, వీసా కోసం తెచ్చిన అప్పుకు మిత్తి ఎంత నడుస్తోంది అనేవి కూడా చూడాలని నాకనిపిస్తుంది.

చదువు సంగతి ఇంకా తిరకాసు. పంపిన పైసలతో ప్రైవేట్ బడి ఫీజు కడతారు, నిజమే. కానీ తొమ్మిదో తరగతి పిల్లవాడు నన్ను అడిగింది వేరే: "సార్, పది పాసైతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర పడదంట కదా?" పడదు, నిజమే. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద పడే ముద్ర అది, ఉంటే గల్ఫ్ దేశాలకు పనికి పోవడానికి ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఇక ఆ పిల్లవాడికి పదో తరగతి అంటే ఇంటర్‌కు మెట్టు కాదు, ఎయిర్‌పోర్ట్‌కు దారి. మార్కులు మాత్రమే కొలిచే సర్వేకు ఇది ఎట్లా దొరుకుతుంది?

తల్లులు పోయిన ఇళ్ల గురించి మన దగ్గర రాసింది నాకు పెద్దగా కనబడలేదు. ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో ఇంటిపనికి పోవాలంటే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. మన దగ్గర పెళ్లిళ్లయ్యే వయసు చూస్తే, అప్పటికి పిల్లలు బడికి పోతూ ఉంటారు. ఆడవాళ్లను రక్షించడానికి పెట్టిన నియమమే, తల్లి దూరదేశం పోయిన పిల్లల లెక్క మాత్రం నాకెక్కడా దొరకలేదు.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌కు ఒక నాయనమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది, వీడియో కాల్‌లో కొడుకు. "మంచిగ చదువుతున్నవా బిడ్డా?" అని ఆయన, "ఆ బాపు" అని వీడు, తర్వాత ఫోన్ మళ్లీ నాయనమ్మ చేతికి. లెక్కల్లో తప్పిన విషయం ఎందుకు చెప్పలేదురా అంటే, "బాపుకు ఆడ టెన్షన్ అయితది సార్" అన్నాడు. రెండు నెలలుగా జీతం రాలేదని బాపు తనకు చెప్పాడని, పిల్లవాడికి మాత్రం చెప్పొద్దన్నాడని నాయనమ్మ వరండాలో నాతో అన్నది.