ఇంటర్న్‌షిప్ నివేదిక – అధ్యాయం 1: పరిచయం

బి.టెక్ మెకానికల్ మూడో సంవత్సరం పరీక్షలు అయ్యాక, 2025 మే 5 నుంచి జూన్ 28 వరకు 8 వారాలు శ్రీసిటీలోని ఒక ఆటోమొబైల్ విడిభాగాల కర్మాగారంలో ఇంటర్న్‌షిప్ చేశాను. కార్ల గేర్‌బాక్సుల్లో వాడే షాఫ్టులు, గేర్లు ఇక్కడ తయారవుతాయి. సంస్థ పేరు, కస్టమర్ల పేర్లు, డ్రాయింగ్ నంబర్లు బయట పెట్టనని మొదటి రోజే సంతకం చేశాను కాబట్టి ఈ నివేదిక అంతటా ‘ప్లాంటు’ అనే రాశాను.

శ్రీసిటీ తిరుపతి జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉంది. చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం రేవులు దగ్గర కావడం ఇక్కడి పరిశ్రమలకు పెద్ద అనుకూలం. సూళ్లూరుపేటలో గది తీసుకుని, ఉదయం 6 గంటల షిఫ్టుకు కంపెనీ బస్సులో వెళ్లేదాన్ని. షాపులో తెలుగు, తమిళం కలిసి వినిపిస్తాయి. తయారవుతున్న ముక్కను అందరూ ‘జాబ్’ అనే అంటారు. నివేదికలో నేనూ ఆ మాటే వాడాను.

మొదటి వారమంతా ఒక ఇన్‌పుట్ షాఫ్టు వెంట నడిచాను. ప్లాంటు విభాగాలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదని నా అభిప్రాయం. ఫోర్జింగ్‌గా స్టోర్స్‌కు వచ్చిన ముక్క డిస్పాచ్‌లో పెట్టెలోకి చేరేలోపు ఎవరెవరి చేతులు దాటుతుందో చూస్తే, ఏ విభాగం ఎందుకుందో దానంతటదే తెలుస్తుంది.

స్టోర్స్‌లో ఫోర్జింగులు, ఉక్కు ఏ బ్యాచ్‌లో కరిగించినదో తెలిపే హీట్ నంబరు ప్రకారం విడివిడిగా ఉంటాయి. మా షాఫ్టు 20ఎంఎన్‌సీఆర్5 ఉక్కు. అక్కడి నుంచి సీఎన్‌సీ టర్నింగ్‌కు, తర్వాత పళ్లు కోసే హాబింగ్‌కు వెళుతుంది. ఏ రోజు ఏ మెషీన్ మీద ఏ జాబ్ నడవాలో ప్రొడక్షన్ ప్లానింగ్ విభాగం చెబుతుంది. ఇన్సర్టులు, హాబ్‌లు, ఫిక్చర్లు టూల్ రూమ్ బాధ్యత. మెయింటెనెన్స్ విభాగంలో రెండు రోజులే ఉన్నాను కాబట్టి దాని గురించి ఎక్కువ రాయలేదు.

నాకు బాగా నచ్చింది హీట్ ట్రీట్‌మెంట్. ఫర్నేస్ తలుపు లేచినప్పుడు గుమ్మం దగ్గర అడ్డంగా మంట తెరలా లేస్తుంది. బయటి గాలి లోపలికి పోకుండా అదే కాపలా. లోపల సుమారు 920 డిగ్రీల సెల్సియస్‌లో షాఫ్టు పైపొరలోకి కార్బన్ ఎక్కుతుంది, ఆ తర్వాత నూనెలో చల్లారుస్తారు. దాంతో పంటి పైభాగం రాక్‌వెల్ సి స్కేలు మీద 58 నుంచి 62 వరకు గట్టిపడుతుంది, లోపలి భాగం మాత్రం కొంత మెత్తగానే ఉండి దెబ్బను తట్టుకుంటుంది. క్లాసులో ఈ సంగతి నాలుగు మార్కుల ప్రశ్నగా చదివాను. ల్యాబ్‌లో కోసిన పంటి మీద అంచు నుంచి లోపలికి వరసగా వికర్స్ గుర్తులు వేసి, కాఠిన్యం 550కి దిగిన చోటు వరకు కొలిచినప్పుడు, కేస్ డెప్త్ అంటే ఏమిటో కళ్లారా చూశాను.

ఇంత వేడి చూసిన షాఫ్టు కొద్దిగా వంగుతుంది. అందుకే పక్కనే స్ట్రెయిటెనింగ్ ప్రెస్ ఉంది. షాఫ్టును రెండు సెంటర్ల మధ్య తిప్పుతూ, డయల్ ముల్లు ఎక్కువ ఎగిరిన చోటును పైకి తెచ్చి నొక్కుతారు. అక్కడి ఆపరేటర్ నా ముందే ఒక షాఫ్టు తిరిగేటప్పుడు పక్కకు ఊగే రనౌట్‌ను 0.12 నుంచి 0.03 మిల్లీమీటర్లకు మూడు నొక్కుల్లో తెచ్చారు. ఎంత నొక్కాలో ఏ కాగితం మీదా లేదు. “ఎక్కువైతే పగులు వస్తుంది, తక్కువైతే మళ్లీ వెనక్కి వస్తుంది. చేతికి తెలుస్తుంది చెల్లెమ్మా,” అన్నారు. ఆ చేతి లెక్క పట్టుబడాలంటే ఎన్ని వేల షాఫ్టులు నొక్కి ఉండాలో!

తర్వాతి మెట్టు గ్రైండింగ్. నా ఇంటర్న్‌షిప్‌లో అన్నిటికంటే విలువైన పాఠం ఇక్కడే దొరికింది. బేరింగ్ కూర్చునే చోట షాఫ్టు వ్యాసం 35.002 నుంచి 35.018 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంటే 16 మైక్రాన్ల వెసులుబాటు. మూడో వారంలో వాషింగ్ మెషీన్ నుంచి అప్పుడే వచ్చిన జాబ్ కొలిస్తే 35.020 వచ్చింది. రిజెక్షన్ అనుకుని ఎర్ర డబ్బాలో వేశాను. వరసగా మూడింటికి అలాగే రావడంతో టెన్షన్ పడి లైన్ సూపర్‌వైజర్‌ను పిలిచాను. ఆయన జాబ్‌ను అరచేతిలో పట్టుకుని చూసి, “ఇది ఇంకా వేడి మీదుందమ్మా,” అని మూడింటినీ గ్రానైట్ టేబుల్ మీద, గేజ్‌ను సరిచూసుకునే కచ్చితమైన కొలత ముక్క ‘మాస్టర్’ పక్కన పెట్టించారు. అరగంట తర్వాత కొలిస్తే మొదటిది 35.012. మూడూ మంచి జాబులే.

ఆ రాత్రి గదిలో లెక్క వేశాను. ఉక్కు వ్యాకోచ గుణకం డిగ్రీకి దాదాపు 0.0000115. జాబ్ మాస్టర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉందనుకుంటే:

35 × 0.0000115 × 20 = 0.008 మి.మీ.

సరిగ్గా నేను చూసిన 8 మైక్రాన్ల తేడా! వెసులుబాటులో సగం వేడికే పోయింది. కొలతలకు అంతర్జాతీయ ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలని, మెట్రాలజీ రూమ్‌లో రోజంతా ఏసీ అందుకే నడుస్తుందని అప్పుడు అర్థమైంది. మే ఎండలో షాపులో 20 డిగ్రీలు సాధ్యం కాదు. మాస్టర్, జాబ్ రెండూ ఒకే వేడిలో ఉంటే తేడా చాలావరకు తగ్గిపోతుంది. మరునాడు సూపర్‌వైజర్ అనుమతితో, వాషింగ్ తర్వాత జాబ్ అరగంట ఆగాలని గేజ్ స్టాండుకు తెలుగు, తమిళాల్లో ఒక చీటీ అంటించాం. నేను వచ్చేసే రోజుకూ అది అక్కడే ఉంది.

క్వాలిటీ విభాగంలో చివరి మూడు వారాలు గడిపాను. ప్లాంటుకు వాహన పరిశ్రమ నాణ్యతా ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 సర్టిఫికెట్ ఉంది. ఆడిట్ల కోసం నింపే కాగితాలుగా నేను మొదట అనుకున్న కంట్రోల్ ప్లాన్, లోపాలు ఎక్కడ రావచ్చో ముందే అంచనా వేసే ఎఫ్ఎంఈఏ లాంటివి లైన్ మీద నిజంగా పనికొస్తాయని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. కంట్రోల్ చార్టులో చుక్కలు వరసగా ఒక పక్కకు జరుగుతుంటే, ఒక్క జాబ్ కూడా చెడకముందే గ్రైండింగ్ వీల్ డ్రెస్ చేయాలని ఆపరేటర్‌కు తెలుస్తుంది.

ఇప్పుడు నేను డ్రాయింగ్ చేతిలోకి తీసుకుంటే ముందు కొలతలకు ఆధారమైన డేటమ్ ఎక్కడుందో వెతుకుతున్నాను. మైక్రోమీటర్, బోర్ గేజ్, హైట్ గేజ్ ఎవరి సాయం లేకుండా వాడగలను. కొలతల్లో తేడా గేజ్ వల్ల ఎంత, కొలిచేవారి వల్ల ఎంత అని తేల్చే గేజ్ ఆర్ అండ్ ఆర్ పరీక్ష ఒకటి స్వయంగా చేశాను. ప్రాసెస్ సామర్థ్య సూచిక సీపీకే 1.33 కంటే తగ్గితే ఎందుకు కంగారు పడతారో వివరించగలను. సీఎన్‌సీలో ఆఫ్‌సెట్ మార్చడం చూశాను గానీ, సొంతంగా చేసే అనుమతి ఇంటర్న్‌లకు లేదు. ప్రోగ్రామింగ్‌లో నేను ఇంకా చాలా నేర్చుకోవాలి.

రెండో అధ్యాయంలో షాఫ్టు తయారీ దశలు, మూడో అధ్యాయంలో కొలతలు, గేజ్ పరీక్ష ఫలితాలు ఉన్నాయి. నాలుగో అధ్యాయం హాబింగ్ మెషీన్ సెట్టింగ్ మార్పు మీద నేను చేసిన చిన్న అధ్యయనం. మార్పుకు సగటున 74 నిమిషాలు పట్టేది. అందులో 19 నిమిషాలు స్పానర్లు, ఆర్బర్లు వెతకడానికే పోయేవి. అవి పెట్టుకోవడానికి ఒక ట్రాలీ చేయించాం. ఆ తర్వాత గమనించిన 6 మార్పుల వివరాలు అక్కడే పట్టికలో ఇచ్చాను.