ఆగస్టు 2025 జీతంలో 5 రోజుల ఎల్‌ఓపీ పొరపాటున కోత: సరిచేయమని విన్నపం

హైదరాబాద్,
8 సెప్టెంబర్ 2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

మేడం,

నమస్కారం. నేను బాలానగర్ ఆఫీసు స్టోర్స్‌లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఉద్యోగి నంబరు 2147. ఆగస్టు నెల జీతంలో నాకు 5 రోజుల ఎల్‌ఓపీ కింద రూ. 4,500 కోత పడింది. ఆ ఐదు రోజుల్లో ఒక్కటి కూడా జీతం కోయాల్సిన రోజు కాదు. ఎలా కాదో తేదీలవారీగా రాస్తున్నాను, దయచేసి చూడండి.

కోత పడింది ఆగస్టు 14 నుంచి 18 వరకు.

14వ తేదీ గురువారం నేను సెలవులో ఉన్నాను. మా అమ్మగారికి కంటి ఆపరేషన్ ఉండటంతో 12వ తేదీనే లీవ్ యాప్‌లో ఒక రోజు క్యాజువల్ లీవ్ పెట్టుకున్నాను. మా ఇన్‌ఛార్జ్ గారు 13వ తేదీ సాయంత్రం 4.20కి అప్రూవ్ చేశారు. ఆ మెసేజ్ నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. అయినా స్లిప్పులో నా క్యాజువల్ లీవ్ బ్యాలెన్స్ జూలైలో ఉన్నట్టే 6 అని ఉంది. అంటే అప్రూవ్ అయిన లీవు జీతాల లెక్కలోకి రాలేదు, ఆ రోజు నేరుగా ఎల్‌ఓపీలోకి వెళ్లింది. నా బ్యాలెన్స్‌లోంచి ఆ ఒక్క రోజు తీసేసి 5 చేయండి. వాడుకున్న సెలవు వాడుకున్నట్టే ఉండాలి.

16 శనివారం, 18 సోమవారం నేను మేడ్చల్ గోడౌన్లో ఉన్నాను. స్టాక్ లెక్కింపుకి స్టోర్స్ నుంచి ముగ్గురం వెళ్లాలని ఇన్‌ఛార్జ్ గారు 11వ తేదీన మెయిల్ పెట్టారు, మీకు కూడా కాపీ వచ్చి ఉంటుంది. గోడౌన్లో వేలిముద్ర మెషీన్ లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బల్ల మీద పొడుగు రిజిస్టర్ ఉంటుంది, దానికి పురికొసతో కట్టిన పెన్ను. వచ్చినప్పుడు, వెళ్లేటప్పుడు అందులోనే సంతకం పెట్టాం. 16న నా పేరు మూడో వరుసలో ఉంది: లోపలికి ఉదయం 8.40, బయటికి రాత్రి 7.10. 18న 8.55కి వెళ్లి 6.30కి బయల్దేరాను. ఆ రెండు పేజీల ఫోటోలు జతచేశాను. ఆ రెండు రోజుల స్టాక్ షీట్ల మీద కూడా లెక్కించినవారి చోట నా సంతకమే ఉంది. బాలానగర్ మెషీన్లో పంచ్ లేదు కాబట్టి ఆబ్సెంట్ అని పడింది. ఆ రెండు రోజులకూ ఓడీ ఎంట్రీ వేయాల్సింది, వేయలేదు.

ఇక 15 స్వాతంత్ర్య దినోత్సవం, 17 ఆదివారం. సెలవు రోజుకి ముందూ వెనకా ఆబ్సెంట్ ఉంటే మధ్యలో వచ్చిన సెలవు కూడా కట్ చేయడం మన పద్ధతి. 14, 16, 18 మూడూ ఆబ్సెంట్ అని పడటంతో మధ్యలోని ఆ రెండు రోజులూ వాటితోపాటే పోయాయి. ఆ మూడు తేదీలు సరిచేస్తే ఈ రెండూ వాటంతటవే సరవుతాయి.

లెక్క ఇలా ఉంది. నా నెల జీతం రూ. 27,900, ఆగస్టుకి 31 రోజులు, కాబట్టి రోజుకి రూ. 900. అందులో బేసిక్ రోజుకి రూ. 450.

| వివరం | స్లిప్పులో ఉన్నది (రూ.) | ఉండాల్సింది (రూ.) |
|---|---|---|
| నెల జీతం | 27,900 | 27,900 |
| ఎల్‌ఓపీ కోత | 4,500 | 0 |
| కోత పోగా జీతం | 23,400 | 27,900 |
| అందులో బేసిక్ | 11,700 | 13,950 |
| పీఎఫ్ (బేసిక్‌పై 12%) | 1,404 | 1,674 |
| వృత్తి పన్ను | 200 | 200 |
| క్యాంటీన్ | 620 | 620 |
| చేతికి వచ్చేది | 21,176 | 25,406 |

నాకు చేతికి తగ్గింది రూ. 4,230. కోత రూ. 4,500 అయినా, బేసిక్ తగ్గడం వల్ల నా పీఎఫ్ వాటా కూడా రూ. 270 తగ్గింది, అందుకే ఆ తేడా. కంపెనీ వాటా కూడా అంతే తగ్గుతుంది. కాబట్టి రూ. 4,230 నా ఖాతాలో వేసినంత మాత్రాన లెక్క పూర్తి కాదు. నా వాటా 270, కంపెనీ వాటా 270 కలిపి పీఎఫ్‌కి ఇంకా రూ. 540 వెళ్లాలి.

4వ తేదీన జీతాల సెక్షన్‌కి వచ్చి అడిగాను. "సిస్టమ్‌లో అలానే ఉందమ్మా, వచ్చే నెల జీతంలో చూద్దాం" అన్నారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, నాకు వాళ్ల మీద ఏ ఫిర్యాదూ లేదు. కానీ వచ్చే నెల దాకా ఆగడం ఎందుకు కుదరదో చెప్పాలి. ఆగస్టు పీఎఫ్ కట్టడానికి గడువు సెప్టెంబర్ 15. ఈలోగా సరిచేయకపోతే పీఎఫ్ రిటర్న్‌లో నా పేరు ఎదురుగా ఎన్‌సీపీ రోజులు 5 అని వెళ్లిపోతుంది. పని చేసిన రోజులు పని చేయనట్టు పీఎఫ్ రికార్డులో పడిపోతే తర్వాత దాన్ని మార్పించడానికి మీకూ నాకూ ఎంత తిరుగుడో మీకు తెలియంది కాదు. ఇప్పుడైతే ఇంకా వారం రోజులుంది.

ఇంటి సంగతి కూడా ఒక మాట చెప్పుకుంటాను. నెల మొదట్లో అద్దె 8,500, చీటీ 5,000 కట్టాలి. 5వ తేదీన బండి ఈఎంఐ బ్యాంకులోంచి కట్ అవుతుంది. ఆపరేషన్‌కీ మందులకీ చేతిలో ఉన్నదంతా అయిపోయింది, ఈ నెల ఈఎంఐకి మా తమ్ముడి దగ్గర తీసుకున్నాను. ఎక్కడ బౌన్స్ అవుతుందోనని రెండు రోజులు చాలా టెన్షన్ పడ్డాను. నాలుగేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను, ఎల్‌ఓపీ అన్న మాట నా స్లిప్పులో ఎప్పుడూ లేదు. శనివారం రాత్రి ఏడింటిదాకా నిలబడి పెట్టెలు లెక్కపెట్టిన రోజుని రాని రోజుగా రాయడం నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించింది.

అందువల్ల మిమ్మల్ని కోరేది: 14వ తేదీని క్యాజువల్ లీవ్‌గా, 16, 18 తేదీలను ఆన్ డ్యూటీగా, 15, 17 తేదీలను జీతంతో కూడిన సెలవుగా హాజరులో మార్పించండి. ఆగస్టు పీఎఫ్ కట్టేలోపు నా వివరాలు సరిచేసి, ఎన్‌సీపీ రోజులు 0 గా పంపించండి. రావాల్సిన రూ. 4,230 ఈ నెల 15 లోపు నా జీతం ఖాతాలో వేయించండి. సరిచేసిన ఆగస్టు స్లిప్పు కూడా ఇప్పించండి. బ్యాంకు లోనుకి స్లిప్పులు అడుగుతారు కాబట్టి, వచ్చే నెల స్లిప్పులో అరియర్స్ అని ఒక లైను కలిపితే నాకు సరిపోదు. జూలై-సెప్టెంబర్ అటెండెన్స్ ఇన్సెంటివ్ రూ. 1,500 లెక్క వేసేటప్పుడు ఈ 5 రోజులు అడ్డం రాకుండా చూడండి.

నాతో గోడౌన్‌కి వచ్చిన మిగతా ఇద్దరికీ 16, 18 తేదీలు ఇలానే పడ్డాయని చెప్పారు. వాళ్లు విడిగా రాస్తున్నారు, కానీ మూడూ ఒకేసారి చూస్తే మీకూ పని తేలికవుతుంది. ఈ నెలాఖరున మళ్లీ స్టాక్ లెక్కింపు ఉంది. అప్పటికల్లా గోడౌన్ గేటు రిజిస్టర్ మీకు ఎవరు, ఎప్పుడు పంపాలో మా ఇన్‌ఛార్జ్ గారికి చెప్పగలరు.

ఇంకేమైనా కాగితం కావాలంటే వెంటనే తెచ్చిస్తాను. మధ్యాహ్నం భోజనం టైములో ఎప్పుడు పిలిచినా వచ్చి కలుస్తాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
పి. మాధవి
స్టోర్స్ అసిస్టెంట్, ఉద్యోగి నంబరు 2147

జతపరచినవి: జూలై, ఆగస్టు జీతం స్లిప్పులు; లీవు అప్రూవల్ స్క్రీన్‌షాట్; ఇన్‌ఛార్జ్ గారి 11వ తేదీ మెయిల్; గేటు రిజిస్టర్ ఫోటోలు 2; స్టాక్ షీట్ల జిరాక్సులు 4.

కాపీ: స్టోర్స్ ఇన్‌ఛార్జ్ గారికి