చిట్కా నంబర్ 23

భీమవరంలో మందుల షాపు మేడ మీద నడిచే ఆ కోచింగ్‌లో లెక్కల సారంటే రైల్వే బ్యాచ్ పిల్లలకి బాగా గురి. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పాఠం చెప్తాడు. లెక్క వచ్చిందా అని అడగడు, ఎన్ని సెకన్లలో వచ్చిందని అడుగుతాడు. ఆయన చిట్కాలన్నీ నంబర్లు వేసి పుస్తకంగా కూడా కుట్టించాడు.

ఆ రోజు కసాగు, గసాభా. రెండు సంఖ్యల లబ్ధం వాటి కసాగు, గసాభాల లబ్ధానికి సమానమని బడిలో చదివిందే. సార్ అక్కడితో ఆగలేదు.

"మూడు సంఖ్యలకీ ఇంతే. మూడింటినీ గుణించు, గసాభాతో భాగించు, కసాగు వచ్చేసింది. ఏ మూడు సంఖ్యలైనా సరే. చిట్కా నంబర్ 23, రాసుకోండి."

బోర్డు మీద 3, 5, 7 వేశాడు. లబ్ధం 105, గసాభా 1, కసాగు 105. తర్వాత 4, 5, 9 వేశాడు. 180 వచ్చింది, అదీ సరిపోయింది. వెనకాల ఎవడో చప్పట్లు కొట్టాడు.

మూడో వరసలో సుజాత మాత్రం పెన్ను కదపలేదు. ఆ పిల్ల ఉండి అనే ఊరి నుంచి బస్సులో వస్తుంది. వాళ్ల నాన్న రొయ్యల చెరువు కౌలుకి చేస్తాడు. చెరువులో రొయ్య పిల్ల వదిలిన రోజు నుంచి క్యాలెండర్‌లో గుర్తులు పెట్టే పని సుజాతదే. నాలుగు రోజులకోసారి మినరల్స్, ఆరు రోజులకోసారి ప్రోబయాటిక్, పది రోజులకోసారి సున్నం. ఒక్కో రైతుది ఒక్కో పద్ధతి, వాళ్ల నాన్నది ఇది. పోయిన పంటలో అరవయ్యో రోజున మూడు గుర్తులూ ఒకే గడిలో పడ్డాయి. రాయడానికి చోటు చాలక పక్కకి బాణం గీసింది. సార్ చిట్కా ప్రకారమైతే అలా పడాల్సింది నూట ఇరవయ్యో రోజున. అప్పటికి పట్టుబడి అయిపోయి చెరువు ఎండగట్టుకుంటున్నారు.

నోట్సు మూలన ఓసారి గుణించి చూసుకుని లేచింది.

"సార్, 4, 6, 10కి రావట్లేదండి."

"గుణకారం తప్పు చేసుంటావ్. మళ్లీ చూసుకో."

"గుణిస్తే 240 అండి. గసాభా 2. భాగిస్తే 120. కానీ 60ని కూడా నాలుగు, ఆరు, పది మూడూ భాగిస్తాయి కదండీ. ఇంక 120 కనిష్ఠం ఎలా అవుద్దండి?"

సార్ స్టాప్‌వాచ్ బల్ల మీద పెట్టాడు.

"అన్నీ సరి సంఖ్యలు తీసుకున్నావు కదమ్మా. అది స్పెషల్ కేసు. పరీక్షలో అలాంటివి ఇవ్వరు."

"ఏ మూడైనా అని రాయించారండి. ఆప్షన్లలో 60, 120 రెండూ ఉంటే ఏది పెట్టమంటారు?"

ఆ ప్రశ్నకి క్లాసంతా కదిలింది. రైల్వే పరీక్షలో తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. పేపర్ తయారుచేసేవాళ్లు ఇలాంటి 120ని కావాలనే ఓ ఆప్షన్‌గా పెడతారని అక్కడ అందరికీ తెలుసు. చప్పట్లు కొట్టినవాడు కూడా ఇప్పుడు 4, 6, 10 రాసుకుంటున్నాడు.

సార్ ముఖం కాస్త ఎర్రబడింది. కూర్చో అని గదమాయిస్తాడేమో అనుకున్నారు. ఆయన బోర్డు వైపు తిరిగి, తనే వద్దని చెప్పే పాత పద్ధతిలో మూడింటినీ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాడు. నాలుగంటే 2×2, ఆరంటే 2×3, పదంటే 2×5. కాసేపు చూసి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు.

"లబ్ధంలో రెండు నాలుగుసార్లు వచ్చింది. కసాగుకి రెండుసార్లు చాలు. గసాభాతో భాగిస్తే ఒక్కటే పోతుంది. ఇంకోటి మిగిలిపోతుంది. అందుకే రెట్టింపు వచ్చింది."

"మరి 3, 5, 7కి ఎలా సరిపోయిందండి?" ముందు బెంచీ కుర్రాడు అడిగాడు.

"అందులో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. 4, 5, 9లోనూ అంతే. నేను వేసినవన్నీ అలాంటివే."

తప్పయిందని నోటితో అనలేదు. బోర్డు మీద "ఏ మూడు సంఖ్యలైనా" అన్న ముక్క మాత్రం తుడిచేశాడు. బెల్లు కొట్టడానికి ఇంకా టైమున్నా క్లాసు అయిపోయిందన్నాడు.

మర్నాడు బోర్డు మీద కొత్త సూత్రం ఉంది. లబ్ధాన్ని మూడింటి గసాభాతో గుణించి, రెండేసి సంఖ్యల గసాభాలు మూడింటి లబ్ధంతో భాగించాలి. 240ని 2తో గుణిస్తే 480, దాన్ని 8తో భాగిస్తే 60. సరిగ్గానే ఉంది కానీ దానికి పట్టే టైములో మామూలు భాగహార పద్ధతే అయిపోతుందని సారే ఒప్పుకున్నాడు. స్టాప్‌వాచ్ ఆ రోజు బయటికి రాలేదు.

సాయంత్రం పాత బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపులన్నిటికీ మెసేజ్ వెళ్లింది: "పుస్తకంలో చిట్కా 23 రెండు సంఖ్యలకే వాడండి. మూడు సంఖ్యలకి వాడొద్దు. అనుమానముంటే 4, 6, 10 వేసి చూసుకోండి."

బస్టాండులో స్నేహితురాలు అది చదివి, "నీ పేరు ఎక్కడా రాయలేదేంటే" అంది.

"రాయకపోవడమే నయం. లేకపోతే మూడు బ్యాచ్‌లోళ్లూ నాకే ఫోన్లు చేస్తారు" అంటూ సుజాత ఉండి బస్సెక్కింది.